ఫోను నిశ్శబ్దంగా ఉన్నా ఆ నలుగురి కాల్స్ మోగాలంటే: ముఖ్యుల జాబితా పెట్టుకునే పద్ధతి

కొండాపూర్‌లో అద్దెకుంటూ నైట్ షిఫ్ట్ చేసే ఒకతన్ని అనుకుందాం. పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి, టిఫిన్ తిని తొమ్మిదింటికి పడుకుంటే మూడున్నర దాకా నిద్ర చెడకూడదు. సరిగ్గా ఆ టైములోనే లోన్ కావాలా అని ఒకరు, పార్సిల్ వచ్చింది కిందికి రమ్మని ఇంకొకరు ఫోన్ చేస్తారు. విసుగొచ్చి ఫోన్‌ని సైలెంట్‌లో పడేస్తాడు. ఖమ్మంలో నాన్నకి బైపాస్ అయి ఇరవై రోజులైంది. సోమాజిగూడ ఆసుపత్రి నుంచి రిపోర్టుల సంగతి చెప్పడానికి ఫోన్ రావాలి. ఈ వారం ఆన్‌కాల్ కాబట్టి మేనేజర్ కూడా చేయొచ్చు. ఈ నాలుగైదు చోట్ల నుంచి వచ్చేవి మోగాలి, మిగతా ప్రపంచం మూడున్నర దాకా ఆగాలి.

ఇందుకు కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు, ఫోన్లో ఉన్న సెట్టింగులు చాలు. ఎక్కువమంది దగ్గర ఆండ్రాయిడ్ ఉంటుంది కాబట్టి ముందు దాని సంగతి, చివర్లో ఐఫోన్ సంగతి చూద్దాం. కానీ సెట్టింగుల్లోకి వెళ్లేముందు ఒక తేడా తెలియాలి. జాబితా పెట్టుకున్నా ఫోన్ మోగలేదని బాధపడేవాళ్లలో చాలామంది అక్కడే దెబ్బ తింటారు.

సైలెంట్ వేరు, డీఎన్‌డీ వేరు

వాల్యూమ్ బటన్ నొక్కి గంట గుర్తు మీద గీత పడేలా చేస్తే అది సైలెంట్. అంటే రింగ్ సౌండే సున్నా. ఎవరు చేసినా ఒకటే, అమ్మ చేసినా లోన్ ఏజెంట్ చేసినా మోగదు. ఆ కాల్ ఎవరిదో చూసి వదిలిపెట్టే ఏర్పాటు సైలెంట్‌లో లేదు.

డీఎన్‌డీ, అంటే స్క్రీన్ మీద `Do Not Disturb` అని కనిపించేది, అలా కాదు. అది గుమ్మం దగ్గర వాచ్‌మన్ లాంటిది. వచ్చినవాళ్ల పేరు చూసి, జాబితాలో ఉంటే లోపలికి పంపుతుంది, లేకపోతే ఆపుతుంది. అయితే లోపలికి పంపిన కాల్ మోగాలంటే రింగ్ సౌండ్ ఉండాలి కదా. కాబట్టి సూత్రం ఇది: డీఎన్‌డీ ఆన్‌లో ఉండాలి, రింగ్ వాల్యూమ్ మాత్రం పైకి ఉండాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ ఇదే అసలు కీలకం. డీఎన్‌డీ పెట్టి, అలవాటు కొద్దీ సైలెంట్ కూడా నొక్కితే జాబితా మొత్తం వృథా. వైబ్రేట్‌లో ఉంటే ముఖ్యుల కాల్ కూడా ఊరికే గుర్రుమంటుంది, పరుపు మీద అది ఎవరికీ వినపడదు.

కొన్ని ఫోన్లలో పవర్ బటన్, వాల్యూమ్ పెంచే బటన్ కలిపి నొక్కితే రింగ్ ఆగిపోయే షార్ట్‌కట్ ఉంటుంది. జేబులో పెట్టుకునేటప్పుడు తెలియకుండా నొక్కుకుంటుంది. సౌండ్ సెట్టింగుల్లో `Shortcut to prevent ringing` అని కనిపిస్తే దాన్ని ఆపేయండి. ఇక మీదట నిశ్శబ్దం కావాలంటే ఒకటే దారి అని చేతికి అలవాటు చేయాలి: పైనుంచి కిందికి లాగి డీఎన్‌డీ బటన్ నొక్కడం.

జాబితాలో ఎవరు?

ఇక్కడ తొందరపడితే తర్వాత పశ్చాత్తాపమే. జాబితాలో ఇరవై మంది ఉంటే అది జాబితా కాదు, మామూలు ఫోనే. ఐదు నుంచి ఏడు పేర్లు చాలు.

ముందుగా అందరూ రాసేది అమ్మ, నాన్న. సరే. కానీ ఊళ్లో పెద్దాయనకి అర్ధరాత్రి ఆయాసం వస్తే అమ్మ మీకు ఫోన్ చేసే స్థితిలో ఉండదు. ఆ ఫోన్ చేసేది పక్కింటి పిన్ని, లేదా ఆటో తెచ్చిన కుర్రాడు, లేదా ఊరి ఆర్‌ఎంపీ. వాళ్ల నంబర్లు చాలాసార్లు మన ఫోన్లో సేవ్ అయ్యే ఉండవు. పండక్కి ఊరెళ్లినప్పుడు పక్కింటివాళ్ల నంబరు అడిగి తీసుకుని జాబితాలో పెట్టడం, అమ్మానాన్నల నంబర్లు పెట్టడం ఎంత అవసరమో అంతే అవసరం.

డాక్టర్ విషయం ఇంకొంచెం చిక్కు. పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్ తన సొంత మొబైల్ నుంచి పేషెంటు ఇంటికి ఫోన్ చేయడం తక్కువ. వార్డు నర్సు, రిసెప్షన్, డాక్టర్ అసిస్టెంట్, వీళ్లలో ఎవరో ఒకరు చేస్తారు. డిశ్చార్జ్ కాగితం మీద అచ్చేసిన నంబరు మనం వాళ్లకి చేయడానికి. వాళ్లు మనకి చేసేటప్పుడు అదే నంబరు కనిపించాలని లేదు. ఒకే ఎక్స్ఛేంజి కింద చాలా లైన్లుంటే చివరి రెండంకెలు మారి రావచ్చు. అందుకని డిశ్చార్జ్ రోజే కౌంటర్‌లో అడగండి: "మేడం, మాకు ఫోన్ చేస్తే ఏ నంబర్ నుంచి చేస్తారు? ఒకసారి మిస్డ్ కాల్ ఇస్తారా?" ఆ మిస్డ్ కాల్ నంబరే సేవ్ చేయాల్సినది. అడ్మిట్ అయి ఉన్న రోజుల్లో వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కాల్స్ కూడా కాల్ హిస్టరీలో ఉంటాయి, వెనక్కి వెళ్లి ఏరుకోండి.

ఇలా దొరికిన మూడు నాలుగు నంబర్లకి వేరువేరు పేర్లు పెట్టకండి. "ఆసుపత్రి" అని ఒకే కాంటాక్ట్ చేసి, అందులోనే అన్నీ చేర్చండి. ముఖ్యుల గుర్తు కాంటాక్ట్‌కి పడుతుంది గానీ నంబరుకి కాదు. కాబట్టి ఒక్క గుర్తుతో ఆ నంబర్లన్నీ లోపలికి వస్తాయి. కొత్త లైన్ నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఆ నంబరుని ఇందులో కలిపేస్తే సరిపోతుంది. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ అయితే 040 బదులు +9140 పెట్టి, వెనక ఎనిమిది అంకెలు రాయండి. మొబైల్ నంబర్లకీ ముందు +91 ఉండటం మంచిది.

మేనేజర్‌ని ఆన్‌కాల్ వారానికే చేర్చి, వారం కాగానే తీసేయండి. క్యాలెండర్‌లో సోమవారం రిమైండర్ పెట్టుకుంటే మర్చిపోరు. ఆయన ఏడాది పొడుగునా జాబితాలో ఉండటం ఆయనకీ మంచిది కాదు.

ఆండ్రాయిడ్‌లో పెట్టడం

మొదట కాంటాక్టులు. కాంటాక్ట్స్ యాప్‌లో అమ్మ పేరు తెరిచి పైనున్న నక్షత్రం గుర్తు నొక్కండి. శాంసంగ్ లాంటి ఫోన్లలో దీన్నే ఫేవరెట్ అంటారు, పని ఒకటే. నక్షత్రం కనబడకపోతే ఆ నంబరు సిమ్ కార్డులో సేవ్ అయి ఉండొచ్చు. పాత సిమ్ నుంచి వచ్చిన పేర్లతో ఇది మామూలే. దాన్ని ఫోన్‌లోకో గూగుల్ అకౌంట్‌లోకో దింపుకోండి, నక్షత్రం వస్తుంది. "అమ్మ" అని రెండుసార్లు ఉంటే రెండూ తెరిచి చూడండి. ఒకదాంట్లో రెండేళ్ల కింద మానేసిన నంబరు ఉండి, నక్షత్రం దానికి పడితే ఉపయోగం లేదు. రెంటినీ కలిపేసి ఒకటి చేయండి.

తర్వాత డీఎన్‌డీ. చాలా ఫోన్లలో `Settings`, అందులో `Sound & vibration`, అందులో `Do Not Disturb`. శాంసంగ్‌లో `Notifications` కింద ఉంటుంది. కొత్త ఆండ్రాయిడ్ వచ్చిన కొన్ని ఫోన్లలో `Modes` అనే దాని కిందికి మారింది. వెతుక్కోవడం ఇబ్బందైతే సెట్టింగుల పైన సెర్చ్ డబ్బాలో `disturb` అని టైప్ చేయండి, ఏ కంపెనీ ఫోన్‌లోనైనా దొరుకుతుంది.

లోపల `People` లేదా `Calls and messages` అన్న వరుస ఉంటుంది. అందులో `Calls` నొక్కితే ఎవరి కాల్స్ రానివ్వాలని అడుగుతుంది. `Starred contacts` ఎంచుకోండి. పక్కనే ఉండే `Contacts` జోలికి వెళ్లకండి. అది పెడితే ఫోన్లో సేవ్ చేసిన ప్రతి ప్లంబరూ, ప్రతి గ్యాస్ ఏజెన్సీ కుర్రాడూ లోపలికి వస్తాడు. `Messages`లో కూడా `Starred contacts` పెట్టొచ్చు గానీ, నిద్రపోయేవాళ్లకి మెసేజ్ సౌండ్ అంత అవసరం ఉండదు. నిజంగా ప్రాణం మీదకి వచ్చినవాళ్లు మెసేజ్ పెట్టరు, ఫోన్ చేస్తారు.

అలారాలు డీఎన్‌డీలో కూడా మోగేలా ఉన్నాయో లేదో అక్కడే ఒకసారి చూడండి. లేకపోతే మూడున్నరకి లేవాల్సినవాడు ఆరింటికి లేస్తాడు.

ఆఖరుగా టైము. `Schedules`లో కొత్త షెడ్యూల్ చేసి, మన కొండాపూర్ మనిషికైతే మంగళవారం నుంచి శనివారం దాకా, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3.30 అని పెట్టాలి. సోమవారం రాత్రి డ్యూటీ నిద్ర మంగళవారం పగలు పడుతుంది కాబట్టి రోజులు ఒకటి జరిగాయి, గమనించండి. ఈ షెడ్యూల్ లోపల ఒక ఉచ్చు ఉంది. ప్రతి షెడ్యూల్‌కి సొంత నియమాలు పెట్టుకునే వీలుంటుంది. అక్కడ మామూలు సెట్టింగులే వాడమని లేకుండా విడిగా ఏదో ఉంటే, మీరు పైన పెట్టిన నక్షత్రాల నియమం ఆ టైములో పనిచేయదు. చేత్తో డీఎన్‌డీ పెడితే అమ్మ కాల్ మోగుతుంది, షెడ్యూల్‌లో మాత్రం మోగదు అనే వింత సమస్యకి కారణం ఇదే.

రెండోసారి చేస్తే మోగించాలా?

`Repeat callers` అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, జాబితాలో లేనివాళ్లయినా పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. రోడ్డు మీద ఎవరో పడిపోతే ఆ దారిన పోయేవాడు తన ఫోన్ నుంచి చేసే కాల్‌కి ఇదొక్కటే దారి. కానీ పార్సిల్ తెచ్చినవాడు కూడా మొదటిసారి ఎత్తకపోతే వెంటనే రెండోసారి చేస్తాడు, లోన్ వాళ్లూ అంతే.

రాత్రిళ్లు పడుకునేవాళ్లు దీన్ని ఆన్‌లోనే ఉంచుకోవడం మేలు. రాత్రి రెండింటికి పార్సిల్ రాదు. పగలు పడుకునేవాళ్లకి మాత్రం ఇది నిద్ర చెడగొట్టే స్విచ్. వాళ్లు జాబితాని జాగ్రత్తగా తయారుచేసుకుని దీన్ని ఆపేయొచ్చు. ఆన్‌లో ఉన్నా దీన్ని నమ్ముకుని ఆసుపత్రి నంబర్లు సేవ్ చేయడం మానకండి. వాళ్లు రెండోసారి వేరే లైన్ నుంచి చేస్తే ఫోన్ దాన్ని కొత్త మనిషిగానే లెక్కపెడుతుంది.

వాట్సాప్‌లో ఒక్కరికే దారి

డీఎన్‌డీలోని `Apps`లో వాట్సాప్‌ని చేర్చడం చాలామంది చేసే పని. దాంతో అమ్మతో పాటు అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూలు స్నేహితుల గ్రూపు, గుడ్ మార్నింగ్ పువ్వులు అన్నీ మోగుతాయి. వాట్సాప్‌ని అక్కడ చేర్చొద్దు. ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో ఒక్క మనిషి చాట్‌కి దారి ఇవ్వొచ్చు. అక్క నుంచి మెసేజ్ వచ్చినప్పుడు ఆ నోటిఫికేషన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే `Priority` అని వస్తుంది, అది ఎంచుకోండి. తర్వాత డీఎన్‌డీలో `Conversations` కింద `Priority conversations` పెట్టండి. ఇక అక్క మెసేజ్ ఒక్కటే సౌండ్ చేస్తుంది.

అయినా వాట్సాప్‌ని అత్యవసరానికి వాడొద్దని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. నెట్ సరిగ్గా లేకపోయినా, బ్యాటరీ ఆదా చేయడానికి ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చినా మెసేజ్ గంట తర్వాత వస్తుంది. "అర్జెంటైతే మామూలు ఫోనే చెయ్యమ్మా, వాట్సాప్‌లో వద్దు" అని ఒక్క మాట చెప్తే పై సెట్టింగులన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

ముప్పై సెకన్లు

మన దేశంలో మొబైల్‌కి వచ్చిన కాల్ ఎత్తకపోతే 30 సెకన్లే మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది. గాఢ నిద్రలో ఉన్నవాళ్లు లేచి, ఫోన్ వెతుక్కుని, ఎత్తడానికి ఉన్న టైము అంతే. కాబట్టి మెల్లగా వేణువుతో మొదలై పన్నెండో సెకనుకి గానీ ఊపందుకోని రింగ్‌టోన్ ఈ పనికి చేటు. కాంటాక్ట్ తెరిచి, మూడు చుక్కల మెనూలో `Set ringtone` నొక్కి, మొదటి సెకనులోనే గట్టిగా కొట్టే టోన్ ఒకటి జాబితాలో ఉన్నవాళ్లందరికీ పెట్టండి. అందరికీ అదే టోన్ ఉంటే చెవికి అలవాటవుతుంది, నిద్రలో కూడా ఇది ఊరికే వచ్చిన ఫోన్ కాదని తెలుస్తుంది. రింగ్ వాల్యూమ్ సగానికి పైనే ఉండాలి. ఫోన్ చేతికందే దూరంలో, తలగడ కింద కాకుండా బల్ల మీద ఉండాలి.

పరీక్ష పెట్టి చూడటం

సెట్టింగు పెట్టి వదిలేస్తే లాభం లేదు, మోగుతుందో లేదో తెలియాలి. ఇంకో ఫోన్ దగ్గర పెట్టుకోండి. ముందు `Repeat callers` ఆపేయండి, లేకపోతే పరీక్షే తప్పుతుంది: ఒకే నంబరు నుంచి రెండుసార్లు చేస్తారు, రెండోసారి మోగుతుంది, నక్షత్రం పనిచేసిందనుకుంటారు. నిజానికి మోగించింది రెండోసారి నియమం.

డీఎన్‌డీ ఆన్ చేసి, స్క్రీన్ ఆఫ్ చేయండి. రెండో ఫోన్ నంబరుకి నక్షత్రం లేకుండా, దాన్నుంచి ఒక కాల్ చేయండి. మోగకూడదు. ఆ నంబరుకి నక్షత్రం పెట్టి మళ్లీ ఒక కాల్. మోగాలి. మోగకపోతే వాల్యూమ్ బటన్ నొక్కి గంట గుర్తు చూడండి, గీత ఉంటే దొరికినట్టే. గంట బాగానే ఉండి మోగకపోతే నక్షత్రం వేరే డూప్లికేట్ పేరుకి పడిందేమో చూడండి. అదీ కాకపోతే కాల్స్ ఆపే స్పామ్ యాప్ ఏదైనా ఉంటే దాని బ్లాక్ లిస్టు చూడండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కనెక్ట్ అయి ఉంటే సౌండ్ డబ్బాలోని బడ్స్‌లోకి వెళ్లిందేమో చూడాలి.

ఈ పరీక్ష చేత్తో పెట్టిన డీఎన్‌డీతో ఒకసారి, షెడ్యూల్ నడుస్తున్న టైములో ఒకసారి చేయండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక, కొత్త ఫోన్ కొన్నాక మళ్లీ చేయండి. గూగుల్ అకౌంట్‌తో నక్షత్రాలు కొత్త ఫోన్‌కి వచ్చినా, డీఎన్‌డీ నియమాలు కూడా వచ్చాయని ఊహించుకోవద్దు.

వీటిలో ఏదీ దాటలేనిది ఒకటుంది: ఫోన్‌కి కాల్ చేరకపోవడం. రాత్రి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పడుకునే అలవాటుంటే ఈ జాబితా అంతా గోడకి చెప్పుకున్నట్టే. సెల్లార్ పక్కన గది, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న బెడ్‌రూమ్ లాంటి చోట్ల సిగ్నల్ ఒక గీతే ఉంటే, ఇంట్లో వైఫై ఉన్నవాళ్లు `Wi-Fi calling` ఆన్ చేసుకోవాలి. అప్పుడు మామూలు కాల్ వైఫై మీద వస్తుంది, డీఎన్‌డీ దాన్నీ మామూలు కాల్‌గానే చూస్తుంది.

ఐఫోన్ ఉన్నవాళ్లకి

ఇక్కడ దారి రెండు రకాలు. `Settings`లో `Focus`, అందులో `Do Not Disturb`, అందులో `People` తెరిచి ముఖ్యులని చేర్చితే, ఫోకస్ ఆన్‌లో ఉన్నప్పుడు వాళ్లకి దారి ఉంటుంది. ఇది ఆండ్రాయిడ్ నక్షత్రాల లాంటిదే, లోపమూ అదే: ఫోన్‌ని సైలెంట్ చేసి ఉంటే వాళ్ల కాల్స్ కూడా మోగవు. ఇక్కడ రెండోసారి కాల్ నియమానికి గడువు మూడు నిమిషాలే.

రెండో దారి ఆండ్రాయిడ్‌లో లేనిది. కాంటాక్ట్ తెరిచి, `Edit` నొక్కి, `Ringtone`లోకి వెళ్తే పైన `Emergency Bypass` అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేసిన మనిషి కాల్, సైలెంట్ ఉన్నా ఫోకస్ ఉన్నా మోగుతుంది. మెసేజ్‌లకి ఇదే స్విచ్ `Text Tone`లో విడిగా ఉంటుంది. దీన్ని ఇద్దరు ముగ్గురికి మించి పెట్టొద్దు. సినిమా హాల్లో, గుడిలో, ఇంటర్వ్యూలో కూడా ఇది ఆగదు. మేనేజర్‌కైతే అసలు వద్దు, ఆయనకి ఫోకస్ జాబితా చాలు. `Silence Unknown Callers` ఆన్‌లో ఉంటే సేవ్ చేయని నంబర్లు అసలు మోగవు కాబట్టి, ఆసుపత్రి ఫోన్ కోసం ఎదురుచూసే రోజుల్లో దాన్ని ఆపేసి ఉంచండి.